అరవై పేజీలు అతికిస్తే ఎన్ని పేజీలు లోపలికి వెళ్తాయి?

విజయవాడలో ఒక హౌసింగ్ సొసైటీ ఉందనుకుందాం. దాని బైలాలు తెలుగులో అరవై పేజీలు. సభ్యుల్లో ఒకాయన తన ఫ్లాటును కూతురి పేరు మీద రాయాలనుకున్నారు. సొసైటీకి బదిలీ రుసుము కట్టాలా, కడితే ఎంత అన్నది ఆయన సందేహం. కార్యదర్శి బైలాలన్నీ కాపీ చేసి ఒక చాట్‌బాట్‌లో అతికించి, ఆ ప్రశ్నే అడిగారు. జవాబు వెంటనే వచ్చింది, చక్కటి తెలుగులో, ఎక్కడా తడబాటు లేకుండా: బదిలీ ఎవరికి చేసినా పాతిక వేలు కట్టాలి.

నిజానికి ఆ బైలాల్లో ఈ సంగతి మూడు చోట్ల ఉంది. పన్నెండో పేజీలో పాతిక వేల రుసుము. ముప్పై ఒకటో పేజీలో ఒక మినహాయింపు: రక్తసంబంధీకులకు రాసిస్తే రుసుము అక్కర్లేదు, కాకపోతే నిర్వహణ ఖర్చుల బకాయి ఉండకూడదు. యాభై రెండో పేజీలో తర్వాత చేర్చిన సవరణ: పాతిక వేలు కాదు, పది వేలు. చాట్‌బాట్‌కు కనబడింది మొదటిది ఒక్కటే. మిగతా రెండూ ఏమయ్యాయి? ఒకటి అసలు లోపలికే వెళ్లలేదు. రెండోది వెళ్లింది గానీ లెక్కలోకి రాలేదు. ఈ రెండూ వేర్వేరు జబ్బులు, వాటికి మందులూ వేర్వేరు. ఈ సొసైటీ ఊహించినదే. దాన్ని పట్టుకుని వేసే లెక్క మాత్రం ఎవరి దస్తావేజుకైనా వేసుకోవచ్చు.

మొదట కొలత సంగతి. మనం పేజీల్లో కొలుస్తాం, పత్రికల వాళ్లు మాటల్లో కొలుస్తారు. ఈ యంత్రాలు కొలిచేది టోకెన్లలో. చాట్‌బాట్ వెనక పనిచేసే భాషా మోడల్‌కు అక్షరాలు కనబడవు, మాటలూ కనబడవు. మనం రాసినదాన్ని ముందుగా ఒక చిన్న ప్రోగ్రాం ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో సంఖ్య ఇస్తుంది. మోడల్ చదివేది ఆ సంఖ్యల వరుసనే. ఆ ముక్కే టోకెన్. అది పూర్తి మాట కావచ్చు, మాటలో సగం కావచ్చు, ఒక్కోసారి ఒక అక్షరంలో మూడో వంతు కూడా కావచ్చు.

ముక్కలు ఎక్కడ తెగాలో ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. ఫిలిప్ గేజ్ అనే ప్రోగ్రామర్ 1994లో ఫైళ్ల సైజు తగ్గించడానికి ఒక ఉపాయం ప్రచురించారు. ఏ రెండు గుర్తులు పక్కపక్కన ఎక్కువసార్లు వస్తున్నాయో చూసి, ఆ జంటను ఒకే గుర్తుగా మార్చడం, మళ్లీ వెతకడం, మళ్లీ కలపడం. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో రికో సెన్రిక్, ఆయన సహచరులు 2016లో ఇదే ఉపాయాన్ని యంత్రానువాదంలో మాటలను ముక్కలు చేయడానికి వాడారు. 2019లో వచ్చిన జీపీటీ-2 దీన్ని బైట్ల స్థాయికి తీసుకెళ్లింది. దాని పట్టికలో ఉన్న ముక్కలు 50,257. ఇంటర్నెట్‌లో ఇంగ్లిషు రాతలు కుప్పలుగా ఉన్నాయి కాబట్టి ఇంగ్లిషులో తరచుగా వచ్చే మాటలన్నీ ఆ పట్టికలో పూర్తి ముక్కలుగా చోటు సంపాదించుకున్నాయి. తెలుగుకు ఆ అవకాశం దక్కలేదు.

దక్కకపోతే ఏమవుతుందో 'రాష్ట్రం' అనే మాట చూపిస్తుంది. చదివేవాళ్ల కంటికి అందులో ఉన్నవి రెండే అక్షరాలు: రా, ష్ట్రం. కంప్యూటరు మాత్రం దాన్ని ఎనిమిది గుర్తులుగా దాచుకుంటుంది. ర, దానికి దీర్ఘం, ష, దాని కింద పొల్లు, ట, మళ్లీ పొల్లు, ర, చివర సున్న. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు సరిపోతుంది, తెలుగు గుర్తు ప్రతిదానికీ మూడు బైట్లు కావాలి. ఎనిమిది మూళ్లు ఇరవై నాలుగు. పట్టికలో తెలుగు ముక్కలు లేకపోతే ఈ ఒక్క మాటా ఇరవై నాలుగు టోకెన్ల వరకూ తినేయగలదు. ఒత్తులు, గుణింతాలు మన లిపికి ఎంత అందమో ఇక్కడ అంత ఖర్చు.

ఈ ఖర్చుకు నమ్మదగిన లెక్క ఒకటి ఉంది. 2024 మే నెలలో జీపీటీ-4ఓను విడుదల చేస్తూ ఓపెన్ఏఐ సంస్థ ఒకే చిన్న పరిచయ వాక్యాన్ని ఇరవై భాషల్లో రాసి, పాత పట్టికలోనూ కొత్త పట్టికలోనూ ఎన్ని టోకెన్లయ్యాయో ప్రకటించింది. ఇంగ్లిషు వాక్యానికి పాత లెక్కలో 27, కొత్తలో 24. తెలుగు వాక్యానికి పాత లెక్కలో 159, కొత్తలో 45. అంటే అప్పటిదాకా అదే సంగతి తెలుగులో చెబితే దాదాపు ఆరు రెట్లు చోటు పట్టేది, కొత్త పట్టికతో అది రెండు రెట్లకు కాస్త తక్కువకు దిగింది. ఇది తెలుగువాళ్లకు నిజంగా పెద్ద ఊరట. ఆ వాక్యంలో ఉన్నవి పదిహేను మాటలకు అటూ ఇటూ కాబట్టి, కొత్త పట్టికతో తెలుగు మాటకు మూడు టోకెన్లు, పాత పట్టికతో పది దాటి అని మోటుగా లెక్క కట్టుకోవచ్చు. ఇంగ్లిషులో అయితే డెబ్బై ఐదు మాటలకు వంద టోకెన్లు అన్నది వాడుకలో ఉన్న లెక్క.

ఇప్పుడు సొసైటీ బైలాలకు వద్దాం. పేజీకి 250 మాటల చొప్పున అరవై పేజీలకు 15,000 మాటలు. మాటకు మూడు చొప్పున 45,000 టోకెన్లు.

ఈ 45,000 ఎక్కడ కూర్చోవాలి అన్నది రెండో ప్రశ్న. మోడల్ ఒకసారికి తన ముందు పెట్టుకుని చూడగలిగినంత మేరను కాంటెక్స్ట్ విండో అంటారు. పాఠశాలలో పరీక్ష రాసే బల్ల లాంటిది అది. బల్ల మీద పట్టినన్ని కాగితాలే చూసి రాయాలి, కింద పడిన కాగితం లేనట్టే. పైగా ఆ బల్ల మీద దస్తావేజు ఒక్కటే ఉండదు. చాట్‌బాట్ తయారుచేసినవాళ్లు ముందుగా పెట్టిన సూచనలు, అప్పటిదాకా జరిగిన సంభాషణ, ఇప్పుడు అడిగిన ప్రశ్న, రాయబోయే జవాబు, అన్నీ ఆ జాగాలోనే సర్దుకోవాలి.

జీపీటీ-2కు ఈ బల్ల 1,024 టోకెన్లు, 2020లో వచ్చిన జీపీటీ-3కి 2,048. 2023 మార్చిలో జీపీటీ-4 వచ్చినప్పుడు మామూలు రకానికి 8,192. అంటే ఇంగ్లిషులో ఇరవై పేజీలకు పైగా పట్టే చోట తెలుగు మూడు నాలుగు పేజీలతో నిండిపోయేది. తర్వాత ఈ జాగా వేగంగా పెరిగింది. 2024 ఫిబ్రవరిలో గూగుల్ తన జెమినై 1.5తో పది లక్షల టోకెన్ల విండోను ప్రకటించింది. అలాంటప్పుడు అరవై పేజీలు ఒక లెక్కా అనిపిస్తుంది. మెలిక ఎక్కడుందంటే, మోడల్‌కు ఉన్న విండో అంతా దాన్ని వాడే ప్రతి యాప్ ఇవ్వదు. విండో నిండేకొద్దీ కంప్యూటరు ఖర్చు పెరుగుతుంది కాబట్టి ఉచిత ఖాతాకు ఒకంత, డబ్బు కట్టినవాళ్లకు మరికొంత అని యాప్ నడిపేవాళ్లు హద్దులు పెడతారు.

మన కార్యదర్శి వాడిన యాప్ 32,000 టోకెన్లకు కత్తిరించేదనుకుందాం. సూచనలకూ ప్రశ్నకూ జవాబుకూ రెండు వేలు తీసేస్తే మిగిలేవి 30,000. మాటకు మూడు చొప్పున అవి 10,000 మాటలు, పేజీకి 250 చొప్పున నలభై పేజీలు. యాభై రెండో పేజీలోని సవరణ తలుపు బయటే ఉండిపోయింది. మోడల్‌కు బైలాలంటే నలభై పేజీలే. ఇంకో ఇరవై ఉన్నాయని దానికి తెలిసే దారే లేదు, అందుకే జవాబులో తడబాటూ లేదు.

కత్తిరింపు అన్ని చోట్లా ఒకేలా జరగదు. కొన్ని యాప్‌లు మరీ పొడవుగా ఉందని ముందే చెప్పి తిప్పిపంపుతాయి. అది మేలు, కనీసం సంగతి తెలుస్తుంది. కొన్ని చప్పుడు లేకుండా తోక కోసేస్తాయి. పొడవైన సంభాషణల్లో మరో రకం ఎదురవుతుంది: కొత్త మాటలు చేరేకొద్దీ పాతవి ఒక్కొక్కటే విండోలోంచి జారిపోతాయి. పొద్దున బైలాలు అతికించి, మధ్యాహ్నం దాకా వాటి మీద ప్రశ్నలు వేస్తూ పోతే, సాయంత్రానికి సంభాషణ మిగిలి బైలాలు జారిపోయి ఉండవచ్చు. అప్పుడు వచ్చే జవాబులు, బైలాల గురించి తాము ముందు మాట్లాడుకున్న మాటల మీద ఆధారపడినవి.

అతికించకుండా ఫైలుగా ఎక్కిస్తే గండం గడిచినట్టేనా? చాలా యాప్‌లు పెద్ద ఫైలును విండోలో పూర్తిగా పెట్టవు. దాన్ని చిన్న చిన్న పేరాలుగా విడగొట్టి పక్కన ఉంచుకుని, ప్రశ్నకు దగ్గరగా కనిపించిన కొన్నింటిని మాత్రమే తీసి మోడల్ ముందు పెడతాయి. 'బదిలీ రుసుము' అని అడిగితే ఆ మాట ఉన్న పేరా దొరుకుతుంది. మినహాయింపు రాసినవారు రుసుము అన్న మాటే వాడకుండా 'రక్తసంబంధీకుల విషయంలో ఏమీ వసూలు చేయరాదు' అని రాసి ఉంటే ఆ పేరా తప్పిపోవచ్చు. 'మొత్తం సారాంశం చెప్పు' అని అడిగినప్పుడు ఈ పద్ధతి మరీ బలహీనం. ఏ ఏడెనిమిది పేరాలో దొరికితే వాటి సారాంశమే మొత్తానిదై కూర్చుంటుంది.

తెలుగువాళ్లకు ఇంకో చిక్కు ఉంది. మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి దస్తావేజులు, కరపత్రాలు, పుస్తకాలు అను ఫాంట్లలో తయారయ్యాయి. తెర మీద, కాగితం మీద అవి అచ్చ తెలుగే. లోపల మాత్రం యూనికోడ్ తెలుగు కాదు. ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టిన ఏర్పాటు. అలాంటి పీడీఎఫ్ నుంచి కాపీ చేసి అతికిస్తే అర్థం లేని గుర్తుల వరుస వస్తుంది. అది టోకెన్లను తెగ తింటుంది, మోడల్‌కు ఒక్క మాటా అందదు. స్కాన్ చేసిన పాత పత్రాల్లో అయితే లోపల అక్షరాలే ఉండవు, బొమ్మలే ఉంటాయి. అందుకని తెలుగు పత్రం దేన్నయినా పెట్టేముందు దాంట్లోంచి నాలుగు లైన్లు కాపీ చేసి వాట్సాప్‌లోనో నోట్‌ప్యాడ్‌లోనో అతికించి చూడటం అర నిమిషం పని. అక్కడ తెలుగు కనబడకపోతే యూనికోడ్‌లోకి మార్చుకున్నాకే ముందుకు వెళ్లాలి.

సరే, కార్యదర్శి మరో పెద్ద విండో ఉన్న యాప్ తెరిచారు. ఈసారి అరవై పేజీలూ లోపలికి వెళ్లాయి. జవాబు మారింది: పాతిక వేలు కాదు, సవరణ ప్రకారం పది వేలు. ముప్పై ఒకటో పేజీ ఊసు మాత్రం ఇప్పటికీ లేదు. ఇది రెండో జబ్బు.

దీన్ని నెల్సన్ లియు, ఆయన సహచరులు 2023లో శ్రద్ధగా కొలిచారు. ఒక ప్రశ్న, దానితో పాటు ఇరవై చిన్న పత్రాలు మోడల్‌కు ఇచ్చారు. జవాబు ఉన్నది ఒక్క పత్రంలోనే. ఆ పత్రాన్ని ఒకసారి మొదట, ఒకసారి చివర, ఒకసారి నడుమ ఉంచి, సరైన జవాబులు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టారు. మొదటో చివరో ఉన్నప్పుడు బాగానే వచ్చాయి, నడుమకు జరిగేకొద్దీ తగ్గాయి. గీత గీస్తే చాపం తిరగేసినట్టు, రెండు కొసలూ పైకి లేచి నడుము కుంగినట్టు వచ్చింది. అందులో మనసులో నిలిచిపోయే అంశం ఒకటుంది. జీపీటీ-3.5 టర్బోకు ఏ పత్రమూ ఇవ్వకుండా ప్రశ్న మాత్రమే అడిగితే 56.1 శాతం సరైన జవాబులు చెప్పింది. జవాబున్న పత్రాన్ని చేతికిచ్చి, దాన్ని ఇరవైలో నడుమ ఉంచినప్పుడు అంతకంటే తక్కువ చెప్పింది.

ఇలా ఎందుకవుతుంది? జవాబులో ఒక్కో ముక్క రాసేటప్పుడు మోడల్ తన ముందున్న టోకెన్లన్నిటికీ ఎంతెంత ప్రాధాన్యం ఇవ్వాలో తూకం వేస్తుంది. ఆ తూకాలన్నీ కలిపితే ఒకటే రావాలి. పది పేరాల మధ్య పంచే శ్రద్ధ వేరు, 45,000 ముక్కల మధ్య పంచే శ్రద్ధ వేరు. పైగా పంపకం సమంగా ఉండదు. వరుసలో మొట్టమొదటి టోకెన్లకు తూకం ఎక్కువ పడే అలవాటు ఈ మోడళ్లలో కనిపిస్తుంది. చివరివి, రాయబోయేదానికి పక్కనే ఉన్నవి కాబట్టి వాటికీ పెద్ద వాటా. నడుమవాటికి మిగిలేది తక్కువ.

ఆ తర్వాత వచ్చిన మోడళ్లు చాలా మెరుగయ్యాయి, ఆ సంగతి చెప్పకపోతే తప్పు. పొడవైన రాతలో దాచిన ఒక్క వాక్యాన్ని వెతికిపెట్టమంటే ఇప్పుడు చాలావరకు వెతికిపెడతాయి. అయితే వెతకడం వేరు, నాలుగు చోట్ల ఉన్న నిబంధనలను కలిపి ఒక నిర్ణయానికి రావడం వేరు. ఎన్విడియా పరిశోధకులు 2024లో రూలర్ అనే పరీక్షతో ఈ తేడానే చూపించారు. వాళ్లు పరీక్షించిన మోడళ్లన్నీ 32,000 టోకెన్లు అంతకు మించి పట్టుకోగలమని చెప్పుకున్నవే. ఆ పొడవు దగ్గర తృప్తికరంగా నిలబడినవి సగమే. పెట్టె మీద రాసిన విండో సైజు పట్టే సామాను కొలత, చదివే సామర్థ్యానికి కొలత కాదు.

మరి కార్యదర్శి ఏం చేయాలి? ముందు లోపలికి ఎంత వెళ్లిందో తేల్చుకోవాలి. అందుకు సులువైన పరీక్ష ఒకటుంది. అతికించే ముందు పత్రంలో పదో పేజీ దగ్గర, ముప్పయ్యో పేజీ దగ్గర, చిట్టచివర ఒక్కో అసందర్భపు వాక్యం చేర్చాలి: 'మొదటి గేటు తాళం నంబరు 418', 'రెండో గేటు తాళం నంబరు 733' ఇలా. తర్వాత తాళం నంబర్లన్నీ చెప్పమని అడగాలి. చివరిది రాకపోతే తోక తెగింది. అన్నీ వచ్చాయంటే పత్రం అక్కడివరకూ చేరిందని మాత్రమే అర్థం. అసందర్భపు వాక్యం తెల్లచీర మీద మరకలా ఇట్టే కనబడుతుంది, మినహాయింపు నిబంధన అలా కనబడదు.

ముందే లెక్క చూసుకోవాలనుకునేవారికి, ఓపెన్ఏఐ మోడళ్లకు వాడే టోకెన్ పట్టిక అందరికీ అందుబాటులో ఉంది. పైథాన్ తెలిసిన పిల్లలు ఇంట్లో ఉంటే ఈ నాలుగు లైన్లు చాలు:

```python
import tiktoken
enc = tiktoken.get_encoding("o200k_base")
text = open("bylaws.txt", encoding="utf-8").read()
print(len(enc.encode(text)))
```

వేరే సంస్థల మోడళ్ల పట్టికలు వేరు కాబట్టి వాటికి ఈ సంఖ్య ఉజ్జాయింపు మాత్రమే.

తర్వాత పత్రాన్ని విడగొట్టాలి. పేజీలు లెక్కపెట్టి కోయడం కంటే అధ్యాయాల దగ్గర కోయడం మంచిది, ఒక నిబంధన రెండు ముక్కల్లో చీలిపోకుండా ఉంటుంది. ఇక్కడ తెలియక చేసే పొరపాటు ఒకటుంది. బైలాలు, ఒప్పందాలు, బీమా పాలసీల్లో మొదటి పేజీల్లోనే నిర్వచనాలు ఉంటాయి. 'రక్తసంబంధీకులు' అంటే ఎవరెవరో మూడో పేజీలో చెప్పి, ముప్పై ఒకటో పేజీలో ఆ మాట వాడతారు. పెళ్లయి వెళ్లిన కూతురు అందులోకి వస్తుందా రాదా అన్నది మూడో పేజీలోనే తేలుతుంది. అందుకని ప్రతి ముక్కతోనూ ఆ నిర్వచనాల పేజీలను మళ్లీ జతచేయాలి. ఒక్కో ముక్కకు కొత్త సంభాషణ తెరిస్తే పాత మాటలు విండోలో చోటు ఆక్రమించవు.

అడిగే తీరు కూడా మారాలి. ప్రశ్నను పత్రానికి పైన రాసి వదిలేయకుండా, పత్రం అయిపోయాక కింద మళ్లీ రాయాలి, చివర ఉన్నదానికి శ్రద్ధ ఎక్కువ కాబట్టి. 'రుసుము కట్టాలా?' అని తిన్నగా అడగడానికి బదులు, 'ఫ్లాటు బదిలీకి, దాని రుసుముకు, మినహాయింపులకు, బకాయిలకు సంబంధించిన వాక్యాలన్నీ పత్రంలో ఉన్నవి ఉన్నట్టు, నిబంధన సంఖ్యతో సహా తీసి రాయి' అని మొదట అడగాలి. ఆ వాక్యాలను కాగితం మీద ఉన్నవాటితో పోల్చుకోవడం తేలిక. పోలిక కుదరని వాక్యం ఏదైనా ఉంటే అది కల్పించినది.

ఈ పద్ధతిలో మన కార్యదర్శి బైలాలను ఇరవై పేజీల చొప్పున మూడు ముక్కలు చేశారు, రెండో మూడో ముక్కలకు నిర్వచనాల పేజీలు జోడించారు. ఒక్కో ముక్క 15,000 టోకెన్లు, నిర్వచనాలతో కలిపి ఇంకాస్త. మొదటిదాంట్లోంచి పాతిక వేల నిబంధన వచ్చింది, రెండోదాంట్లోంచి రక్తసంబంధీకుల మినహాయింపు, మూడోదాంట్లోంచి పది వేల సవరణ. ఈ మూడు వాక్యాలనూ, నిర్వచనాన్నీ కలిపి ఒక కొత్త సంభాషణలో పెట్టి అసలు ప్రశ్న అడిగారు. నాలుగు వాక్యాల్లో నడుమ అంటూ ఏమీ మిగలదు. కూతురికి రాసిస్తే రుసుము లేదు, బకాయి లేదని మాత్రం తేలాలి అన్నది జవాబు. ఆయన ముప్పై ఒకటో పేజీ తెరిచి నిబంధన సంఖ్య సరిచూసుకుని, ఆ సభ్యుడి నిర్వహణ ఖాతా పుస్తకం బయటికి తీశారు. రెండు నెలల బకాయి ఉంది.